డాకెట్ షీట్ నుంచి కేసు నడక రాసుకోవడం: వాయిదాలకు ఒక పట్టిక, ఆదేశాలకు ఇంకో పట్టిక

అనంతపురం కోర్టు ఆవరణలో సాయంత్రం నాలుగు దాటాక ఎక్కువగా వినపడే ప్రశ్న ఒకటే: "ఏమప్పా, వాయిదా ఎప్పటికేసినారు?" కక్షిదారు అడిగేది అదే, గుమాస్తా చెప్పేది అదే, ఆఫీసు డైరీలో ఎక్కేదీ అదే. ఈ తేదీకీ ఆ తేదీకీ మధ్య కోర్టు ఏం చేయమంది, ఎవరిని చేయమంది, ఎన్నాళ్లలో చేయమంది అనేది ఎవరూ అడగరు. నేను సివిల్ కేసులు చూస్తాను. దావాలో ఓడిపోయే బలహీనత లేకపోయినా, ఇలా మధ్యలో జారిపోయిన ఒక్క చిన్న పని వల్ల ఏడాది వెనక్కి పోయిన ఫైళ్లు నా చేతికి వచ్చాయి. అందుకే వేరే వకీలు నుంచి పాత ఫైలు మాకు మారినప్పుడు నేను మొదట వాది వేసిన ప్లెయింట్ చదవను, ప్రతి వాయిదా రోజూ కోర్టు రాసే డాకెట్ చదువుతాను. ఎలా చదువుతానో, ఏం రాసుకుంటానో ఇక్కడ వరుసగా చెబుతాను. ఉదాహరణకు తీసుకున్న దావా అనంతపురం దగ్గరి పల్లెలో మూడెకరాల ఇరవై సెంట్ల చేను మీద ఇంజంక్షన్ దావా. గుర్తు పట్టకుండా తేదీలూ వివరాలూ మార్చాను, నడక మాత్రం మన కోర్టుల్లో రోజూ కనిపించేదే.

ముందు డాకెట్లన్నీ చేతికి రావాలి

డాకెట్లు అని బహువచనం వాడటానికి కారణం ఉంది. ఒక దావాకు ఒకే డాకెట్ ఉంటుందని చాలామంది అనుకుంటారు. అసలు దావాకు, అంటే ఓ.ఎస్.కు, ఒక డాకెట్ ఉంటుంది. అందులో వేసిన ప్రతి మధ్యంతర అర్జీకి, అంటే ఐ.ఏ.కు, దాని డాకెట్ దానికి ఉంటుంది. ఐ.ఏ. మీద ఉత్తర్వు ఐ.ఏ. డాకెట్‌లోనే రాస్తారు. ఆ రోజు ఓ.ఎస్. డాకెట్‌లో కనిపించేది "ఐ.ఏ. అలవ్డ్. ఫలానా తేదీకి కాల్ ఆన్" అని ఒక్క లైను. డబ్బు కట్టమన్నా, ఖర్చులు ఇమ్మన్నా, వారంలోగా అన్నా, అవన్నీ ఐ.ఏ. కాగితం మీదే ఉండిపోతాయి. ఐ.ఏ. పరిష్కారమైపోయింది కాబట్టి దాన్ని మళ్లీ ఎవరూ పిలవరు. ఆదేశం బతికే ఉంటుంది, దాన్ని గుర్తు చేసే కాగితం మాత్రం కట్ట అడుక్కు పోతుంది. ఆదేశాలు ఎక్కువగా పోయేది ఇక్కడే.

కాబట్టి కాపీ అప్లికేషన్ వేసేటప్పుడు "ఓ.ఎస్. డాకెట్ ఉత్తర్వులు" అని ఊరుకోకుండా, ఏయే ఐ.ఏ.లు ఉన్నాయో నంబర్లు రాసి వాటి ఉత్తర్వులు కూడా అడగండి. నంబర్లు తెలియకపోతే ఫైలు చూసుకోవడానికి అర్జీ పెట్టి, రికార్డు ముందు కూర్చుని జాబితా రాసుకోండి. ఈ పని గుమాస్తాకు అప్పగించకుండా ఒక్కసారైనా స్వయంగా చేస్తే మంచిది. కోర్టు మారి నంబరు మారిన దావా అయితే పాత నంబరు కింద రాసిన డాకెట్ కూడా అదే కట్టలో ఉందో లేదో చూసుకోండి.

ఈ-కోర్ట్స్ సైటులో సి.ఎన్.ఆర్. నంబరు కొడితే కేసు చరిత్ర వస్తుంది. అందులో `Business on Date`, `Hearing Date`, `Purpose of Hearing` అనే గడులు ఉంటాయి. ఎడమవైపు తేదీ మీద నొక్కితే ఆ రోజు రాత తెరుచుకుంటుంది. తేదీల వెన్నెముక కట్టుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది. ఆదేశాల విషయంలో మాత్రం దీన్నే నమ్ముకోకూడదు. `Purpose of Hearing` అనేది ఉన్న జాబితాలోంచి ఎంచుకునే మాట. "ఫర్ స్టెప్స్", అంటే తదుపరి చర్యల కోసం, అని అక్కడ ఉంటే ఎవరి మీద స్టెప్స్, ఎవరు కట్టాలి అనేది తెలియదు. సైటు తేదీలు ఇస్తుంది, పని ఏమిటో డాకెట్ చెబుతుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని, సైటులో ఉండి మీ కాపీలో లేని తేదీకి పెన్సిలుతో గుర్తు పెట్టండి. ఆ రోజు రాత ఎక్కడో ఐ.ఏ. డాకెట్‌లో ఉండే అవకాశం ఎక్కువ.

ఒక రోజు రాతను విడదీయడం

డాకెట్ రాత మూడు నాలుగు లైన్లకు మించదు. మన దావాలో 16-07-2024 నాటి రాత తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంది: "ఒకటో ప్రతివాది తరఫున వకాలత్ దాఖలైంది. రెండో ప్రతివాదికి సమన్లు అందాయి. మూడో ప్రతివాది సమన్లు, ఇంటికి తాళం ఉందని తిరిగి వచ్చాయి. ప్రాసెస్ కడితే మూడో ప్రతివాదికి తాజా సమన్లు పంపాలి. 06-08-2024కు కాల్ ఆన్." కింద జడ్జిగారి పొట్టి సంతకం.

దీన్ని నేను నాలుగు ముక్కలు చేస్తాను. ఆ రోజు ఏం జరిగింది, వాయిదా ఎవరి వల్ల పడింది, ఎవరు ఏం చేయాలి, తర్వాతి తేదీ దేనికి. మొదటి రెండూ, చివరిదీ వాయిదాల నడక పట్టికలోకి పోతాయి. మూడోది మాత్రం విడిగా ఆదేశాల పట్టికలోకి పోవాలి. "ప్రాసెస్ కడితే" అన్న రెండు మాటలే ఇక్కడ ఆదేశం. వినడానికి షరతులా ఉంటుంది గానీ, అసలు అర్థం సమన్లు పంపే ఖర్చు, అంటే బ్యాటా, వాది కట్టాలని. కట్టకపోతే సమన్లు కదలవు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 5 ప్రకారం, అందని సమన్లు కోర్టుకు తిరిగి వచ్చిన తేదీ నుంచి ఏడు రోజుల్లో వాది తాజా సమన్లు అడగకపోతే, సరైన కారణం చూపనంతవరకు ఆ ప్రతివాది మీద దావా కొట్టేయవచ్చు. తర్వాతి వాయిదా మూడు వారాల తర్వాత ఉంది. డైరీలో "06-08 స్టెప్స్" అని మాత్రమే రాసుకున్నవాడికి ఆ మూడు వారాలూ ఖాళీగా కనిపిస్తాయి. నిజానికి గడువు మొదటి వారంలోనే తీరిపోతుంది.

రాతలో "ఫైనల్లీ", "లాస్ట్ ఛాన్స్", "లేనిపక్షంలో" అనే మాటలు వస్తే ఎర్ర సిరా వాడండి. వీటిలో "లేనిపక్షంలో" అన్నది మిగతా రెండింటికన్నా కఠినం. "ఫలానా తేదీలోగా ఖర్చులు చెల్లించాలి, లేనిపక్షంలో పిటిషన్ కొట్టివేసినట్టే" అని రాస్తే, ఆ తేదీ దాటాక కొట్టేయడానికి ఇంకో ఉత్తర్వు అక్కర్లేదు. వాయిదా రోజు వెళ్లి బతిమాలడానికి పిటిషన్ మిగలదు.

రెండు పట్టికలు ఎందుకంటే

మామూలుగా అందరూ ఒకే పట్టిక వేస్తారు: తేదీ, జరిగింది, తర్వాతి తేదీ. దీంతో వచ్చే ఇబ్బంది 06-08-2024న కనిపిస్తుంది. ఆ రోజు జడ్జిగారు సెలవు. "పీ.ఓ. ఆన్ లీవ్, 27-08-2024కు కాల్ ఆన్" అని ఒకే లైను. ఒకే పట్టిక ఉంటే పై వరుసలోని బ్యాటా విషయం దీని కింద కప్పబడిపోతుంది. ఎందుకంటే కన్ను ఎప్పుడూ చివరి వరుస మీదే ఉంటుంది. మన దావాలో అదే జరిగింది. 27-08న "ఒకటో ప్రతివాది జవాబు దావా దాఖలు. రెండో ప్రతివాది ఎక్స్‌పార్టీ. మూడో ప్రతివాదికి స్టెప్స్ తీసుకోలేదు. ఫైనల్లీ 10-09-2024" అని పడింది. జడ్జిగారు సెలవులో ఉన్నంత మాత్రాన మనం చేయాల్సిన పనికి సెలవు రాదు.

అందుకే ఆదేశాలకు వేరే పట్టిక ఉండాలి. అందులో ప్రతి వరుసకూ ఒక పని, ఒకే మనిషి. వాయిదాలు ఎన్ని మారినా ఆ వరుస తెరిచే ఉంటుంది, పని అయ్యేదాకా కన్ను దాని మీద పడుతూనే ఉంటుంది.

ఒకే మనిషి అని ఎందుకంటున్నానో కమిషనర్ ఉత్తర్వు చూస్తే తెలుస్తుంది. హద్దు తేల్చడానికి అడ్వకేట్ కమిషనర్‌ను వేయమని మేము వేసిన ఐ.ఏ. 26-11-2024న అలవ్ అయింది. కమిషనర్ ఫీజు 5,000 రూపాయలు, వాది వారంలోగా నేరుగా కమిషనర్‌కు చెల్లించాలి, కమిషనర్ సర్వేయర్ సాయంతో కొలిపించి 31-12-2024లోగా రిపోర్టు ఇవ్వాలి. ఓ.ఎస్. డాకెట్‌లో మాత్రం "ఫర్ రిపోర్ట్ 31-12-2024". దీన్ని "కమిషనర్ రిపోర్టు" అని ఒకే వరుసగా రాస్తే అది కమిషనర్ పనిలా కనిపిస్తుంది. విప్పితే గొలుసు బయటపడుతుంది. వాది ఫీజు ఇవ్వాలి, ఆఫీసు వారెంటు తయారు చేయాలి, కమిషనర్ దాన్ని తీసుకుని ఇరుపక్షాలకూ నోటీసు ఇవ్వాలి, సర్వేయర్ తేదీ ఇవ్వాలి, ఆపైన రిపోర్టు. మొదటి పని మనది. అది ఆగితే వెనకున్నవన్నీ ఆగుతాయి, చివరికి డాకెట్‌లో "ఫీజు చెల్లించలేదు" అని మన పేరు మీదే పడుతుంది.

డిసెంబరు 31 నాటికి మా ఆదేశాల పట్టిక ఇలా ఉంది:

| ఉత్తర్వు తేదీ, ఎక్కడ | ఎవరు, ఏం చేయాలి | గడువు | చేసిన రుజువు | డాకెట్‌లో ఎక్కిన తేదీ |
|---|---|---|---|---|
| 16-07-2024, ఓ.ఎస్. | వాది: మూడో ప్రతివాదికి బ్యాటా | సమన్లు తిరిగొచ్చాక 7 రోజులు, ఫైనల్లీ 10-09-2024 | కట్టిన రసీదు | 10-09-2024 |
| 26-11-2024, కమిషనర్ ఐ.ఏ. | వాది: కమిషనర్ ఫీజు | 03-12-2024 | రసీదు జతచేసిన మెమో, 03-12-2024 | |
| 26-11-2024, కమిషనర్ ఐ.ఏ. | కమిషనర్: కొలత, రిపోర్టు | 31-12-2024 | | |
| 31-12-2024, సవరణ ఐ.ఏ. | వాది: 300 ఖర్చులు చెల్లించాలి | 14-01-2025 | | |
| 31-12-2024, సవరణ ఐ.ఏ. | వాది: ప్లెయింట్ సవరించి నీట్ కాపీ వేయాలి | 14-01-2025 | | |

చివరి రెండు వరుసల కోసమే ఈ పట్టిక అంతా అని నాకు అనిపిస్తుంది.

గడువు రాయని ఆదేశం

ప్లెయింట్ షెడ్యూలులో తూర్పు హద్దు తప్పు పడింది. దాన్ని దిద్దుకోవడానికి వేసిన సవరణ ఐ.ఏ. డిసెంబరు 31న 300 రూపాయల ఖర్చులతో అలవ్ అయింది. ఉత్తర్వులో ఎన్ని రోజుల్లో దిద్దాలో రాయలేదు. ఓ.ఎస్. డాకెట్: "సవరణ ఐ.ఏ. అలవ్డ్. కమిషనర్ రిపోర్టు రాలేదు. ఫర్ రిపోర్ట్ 21-01-2025."

గడువు రాయలేదంటే తర్వాతి వాయిదా దాకా ఉందని అనుకోవడం సహజం. కానీ ఆర్డర్ 6 రూల్ 18 అలా చెప్పదు. ఉత్తర్వులో గడువు లేకపోతే ఉత్తర్వు తేదీ నుంచి 14 రోజులు, ఆ లోపల దిద్దకపోతే కోర్టు గడువు పెంచితే తప్ప దిద్దనివ్వరు. ఉత్తర్వు రోజును వదిలేసి లెక్కపెడితే పద్నాలుగో రోజు జనవరి 14. తర్వాతి వాయిదా 21. వాయిదా మాత్రమే చూసుకునే ఆఫీసు ఆ రోజు నీట్ కాపీ పట్టుకుని వెళ్తుంది, వారం ఆలస్యంగా. అప్పుడు గడువు పెంచమని ఇంకో పిటిషన్, దానికి కౌంటరు, ఇంకో ఖర్చులు. సెక్షన్ 148 కింద కోర్టు గడువు పెంచగలదు గానీ, ఆ సెక్షన్ మొత్తం మీద 30 రోజులనే అంటుంది.

అందుకే పట్టికలో గడువు గడి ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదు. ఉత్తర్వులో తేదీ ఉంటే అది రాయండి, రోజులు ఉంటే లెక్కకట్టి తేదీ రాయండి, ఏమీ లేకపోతే చట్టంలో వెతికి రాయండి. అక్కడా లేకపోతే తర్వాతి వాయిదాకు వారం ముందటి తేదీ మీరే పెట్టుకోండి.

ఇంకో సంగతి, 2025 జనవరి 14 సంక్రాంతి. కోర్టులో చేయాల్సిన పనికి చివరి రోజు కోర్టు మూసి ఉంటే, తిరిగి తెరిచిన రోజు చేయవచ్చని జనరల్ క్లాజెస్ యాక్ట్ సెక్షన్ 10 ఉంది. దాన్ని ఆసరాగా మాత్రమే ఉంచుకోండి. కమిషనర్ చేతికి ఇవ్వాల్సిన డబ్బు, ఎదుటి వకీలుకు ఇవ్వాల్సిన ఖర్చులు కోర్టు లోపల చేసే పనులు కావు. వాటికి ఇదే వెసులుబాటు దొరుకుతుందని కూర్చోవద్దు. మేము జనవరి 9నే ఖర్చులు చెల్లించి, అందినట్టు మెమో మీద ఎదుటి వకీలు చేత రాయించుకుని, ప్లెయింట్ దిద్ది నీట్ కాపీ వేశాం. ఎదుటివాళ్లు ఖర్చులు తీసుకోకపోతే ఆ సంగతి మెమోలో రాసి కోర్టులో జమ చేయడానికి అనుమతి అడగాలి. గడువు లోపలే అడగాలి.

కంప్యూటరులో పెట్టుకునేవాళ్లకు ఒక జాగ్రత్త. ఉత్తర్వు తేదీ బి గడిలో, రోజులు సి గడిలో, డాకెట్‌లో ఎక్కిన తేదీ ఎఫ్ గడిలో అనుకుంటే, డి గడిలో గడువు, ఈ గడిలో మిగిలిన రోజులు ఇలా వస్తాయి:

```
=B2+C2
=IF(F2="",D2-TODAY(),"")
```

మొదటి రోజును వదిలేసే లెక్కతో ఇది సరిపోతుంది. ఫైలు అమెరికా పద్ధతిలో ఉంటే మాత్రం 05-11-2024 అని కొట్టినది మే 11గా మారిపోతుంది, 26-11-2024 మామూలు అక్షరాలుగా మిగిలిపోయి లెక్కకు రాదు. సెట్టింగుల్లో ప్రాంతం ఇండియా అని పెట్టి, 26-11-2024 కొట్టి లెక్క వస్తోందో లేదో మొదటే చూసుకోండి.

వరుసను ఎప్పుడు మూయాలి

పని అయిపోగానే టిక్కు పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. మా పట్టికలో చివరి రెండు గడులు విడివిడిగా ఉన్నది అందుకే. ఒకటి మనం చేసిన రుజువు, రెండోది కోర్టు దాన్ని గమనించినట్టు డాకెట్‌లో ఎక్కిన తేదీ. రెండోది నిండాకే వరుస మూతపడుతుంది.

జనవరి 21న ఏమైందో చూడండి. రిపోర్టు ఇంకా రాలేదు. సర్వేయర్ తేదీ దొరకలేదని కమిషనర్ గడువు అడిగారు. ఎదుటి వకీలు లేచి, వాది ఫీజే కట్టలేదు, కావాలనే సాగదీస్తున్నారు అన్నారు. డాకెట్‌లో ఫీజు కట్టినట్టు ఎక్కడా లేదు. ఐ.ఏ. డాకెట్ నవంబరు 26తో ముగిసింది, మేము డిసెంబరు 3న వేసిన మెమో కట్టలో ఎక్కడో ఉంది. జడ్జిగారు బెంచ్ క్లర్కు వైపు చూశారు, ఆయన కట్ట తిప్పుతున్నాడు. మా పట్టికలో ఆ వరుస తెరిచి ఉంది కాబట్టి మెమో కాపీ, రసీదు ఆ రోజు మా చేతిలోనే ఉన్నాయి. చూపించాం. "ఫీజు 03-12-2024న చెల్లించినట్టు మెమో ఉంది. కమిషనర్‌కు గడువు పొడిగింపు. ఖర్చులు చెల్లించారు, సవరణ జరిగింది, నీట్ కాపీ దాఖలైంది. ప్రతివాదుల అదనపు జవాబు దావాకు 11-02-2025" అని రాత పడింది. ఒకే రోజు మూడు వరుసలు మూతపడ్డాయి, ప్రతివాదుల పేరు మీద కొత్త వరుస ఒకటి తెరుచుకుంది.

ఎదుటివాళ్లు చేయాల్సిన పనులు కూడా రాయమని అందుకే చెబుతాను. మన గడువులు మాత్రమే రాసుకుంటే సగం పట్టికే అవుతుంది.

వాయిదా ఎవరి ఖాతాలో

నడక పట్టికలో "ఎవరి వల్ల" అన్న గడికి నేను నాలుగు అక్షరాలు వాడతాను: వా, ప్ర, కో, ఇ. వాది, ప్రతివాది, కోర్టు, ఇతరులు. సెలవులు, జడ్జిగారి లీవు, బదిలీ, లాయర్ల విధుల బహిష్కరణ అన్నీ కలిపి "ఆలస్యం" అని రాస్తే తర్వాత ఎందుకూ పనికిరావు. డాకెట్‌లో "ఎట్ రిక్వెస్ట్" అని మాత్రమే ఉండి ఎవరి రిక్వెస్టో లేకపోతే, ఆ రోజు దేనికి పెట్టారో చూడండి. వాది సాక్షి క్రాస్‌కు పెట్టిన రోజు సాక్షి హాజరై ఉండి, క్రాస్ జరగకుండా "ఎట్ రిక్వెస్ట్" పడితే అది చాలావరకు ప్రతివాది అడిగిందే. అయినా పక్కన ప్రశ్నార్థకం పెట్టి, ఆ రోజు కోర్టులో ఉన్నవాళ్లను అడిగాకే అక్షరం వేయండి. ఊహతో వేసిన అక్షరం కోర్టులో చదివితే మన మాట విలువ పోతుంది.

దావా విచారణలో ఒక పార్టీకి మూడుసార్లకు మించి వాయిదా ఇవ్వకూడదని ఆర్డర్ 17 రూల్ 1 అంటుంది. పార్టీ చేతిలో లేని పరిస్థితి ఉంటే దీన్ని సడలించవచ్చని సేలం అడ్వకేట్ బార్ అసోసియేషన్ కేసులో 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మూడు అన్న అంకె చూపించి లేస్తే చాలదు. ఫలానా మూడు తేదీల్లో సాక్షి వచ్చి కూర్చున్నాడు, మూడుసార్లూ వాళ్లే అడిగారు, ఒకసారి విధించిన ఖర్చులు ఇంకా ఇవ్వలేదు అని తేదీలు చదివితే బరువు ఉంటుంది. ఆ చివరి మాట ఆదేశాల పట్టికలోంచే వస్తుంది. ఖర్చులు చెల్లించడం తదుపరి నడకకు షరతు అవుతుందని సెక్షన్ 35బి చెబుతుంది.

కక్షిదారుకు కూడా ఆదేశాల పట్టిక కాపీ ఇస్తాను. చేను దావా వేసిన పెద్దాయన దాన్ని జేబులో మడిచి పెట్టుకుని తిరిగేవాడు. మొదట్లో ఆయనా వాయిదా ఎప్పుడనే అడిగేవాడు. ఫిబ్రవరి వాయిదాకు వచ్చినప్పుడు కాగితం తీసి, మిగిలి ఉన్న ఖాళీ గడి మీద వేలు పెట్టి అడిగాడు: "సర్వేయరు తేదీ ఇచ్చినాడా సామీ?"